ల్యాండింగ్ పేజీ డైరీ: ఫస్ట్ జాబ్ వాళ్ళ బడ్జెట్ యాప్‌కి హెడ్‌లైన్, సబ్‌హెడ్డింగ్

సోమవారం

యాప్ బీటా పనిచేస్తోంది, ల్యాండింగ్ పేజీ డిజైన్ కూడా అయిపోయింది, పైన ఉండాల్సిన రెండు మాటలే ఇంకా లేవు. పెద్ద అక్షరాల్లో హెడ్‌లైన్, దాని కింద చిన్నగా సబ్‌హెడ్డింగ్. ఈ వారం నా పని అంతా అదే. చెప్తే చిన్న పనిలా ఉంటుంది గానీ లింక్ ఓపెన్ చేసినవాళ్ళలో చాలామంది చదివేది ఆ రెండే, కిందకి స్క్రోల్ చేసేవాళ్ళు తక్కువ, కాబట్టి నేను దీనికి టైమ్ కావాలని టీమ్‌లో ముందే అడిగి తీసుకున్నాను.

యాప్ చేసేది ఒకటే పని. చేతికొచ్చే జీతం ఎంతో, రూమ్ రెంట్, ఇంటికి పంపేది, ఈఎంఐ లాంటి తప్పనిసరిగా కట్టాల్సినవి ఎంతో ఎంటర్ చేయాలి, మళ్ళీ జీతం ఏ తారీఖున పడుతుందో చెప్పాలి. మిగిలిన డబ్బుని మిగిలిన రోజులతో భాగించి ఇవాళ్టికి ఇంత అని ఒక నంబర్ చూపిస్తుంది. అంతే. గ్రాఫులు, కేటగిరీలు ఉన్నాయి గానీ అవి లోపలి స్క్రీన్లలో.

రాయడానికి ముందు వీళ్ళు డబ్బు గురించి ఎలా మాట్లాడుకుంటారో ఒక నోట్‌లో రాసుకుంటూ వచ్చాను. అమీర్‌పేటలో మా కజిన్ ఉండే హాస్టల్లో, ఫ్రెండ్ ఆఫీస్ క్యాంటీన్‌లో, వాట్సాప్‌లో. "జీతం పడిందా", "చేతికెంత వస్తుంది", "కటింగులు పోనూ ఎంత", "ఇంటికి పంపాలి", "ఈ నెల టైట్‌గా ఉంది". ఇవే మాటలు మళ్ళీ మళ్ళీ. బడ్జెట్ అనే మాట ఒక్కళ్ళ నోట కూడా రాలేదు, వాళ్ళకి బడ్జెట్ అంటే ఫిబ్రవరిలో టీవీలో వచ్చేది. ఫైనాన్షియల్ ప్లానింగ్ అంటే ఇన్సూరెన్స్ అమ్మేవాళ్ళ మాట. సో మన యాప్ ఏ కేటగిరీయో ఆ పేరు హెడ్‌లైన్‌లో అక్కర్లేదు, అది ప్లే స్టోర్ టైటిల్‌లో ఉంటే చాలు, వెతికేవాళ్ళకి దొరకడానికి.

మంగళవారం

ఇవాళ ఒక్క లైన్ కూడా రాయలేదు, ఒక ఫ్రెషర్ జీతం లెక్క కాగితం మీద వేశాను. హెడ్‌లైన్ రాసేవాళ్ళు ఇది చేయాలి అని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఏ నంబర్ దగ్గర వాళ్ళు ఆగిపోతున్నారో తెలియకపోతే మనం రాసేది గాల్లో ఉంటుంది.

ఆఫర్ లెటర్‌లో సీటీసీ 3 లక్షల 60 వేలు. చేరబోయే కుర్రాడు వెంటనే 12తో భాగించి నెలకి 30 వేలు అనుకుంటాడు, ఇంట్లో కూడా అదే చెప్తాడు. అసలు లెక్క ఇలా ఉంటుంది. బేసిక్ సగం అనుకుందాం, అంటే నెలకి 15 వేలు. కంపెనీ కట్టే పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, 1,800. చాలా కంపెనీలు దాన్ని సీటీసీలోనే కలిపి చూపిస్తాయి. గ్రాట్యుటీ అని బేసిక్ మీద 4.81 శాతం, దాదాపు 721, అది కూడా సీటీసీలోనే ఉంటుంది గానీ నెలనెలా చేతికి రాదు. ఈ రెండూ తీసేస్తే గ్రాస్ 27,479. అందులోంచి మళ్ళీ తన వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతాయి (తెలంగాణలో, ఆంధ్రలో 20 వేలు దాటిన జీతానికి అంతే). ఈ జీతానికి ఇన్‌కమ్ ట్యాక్స్ ఏమీ పడదు. చివరికి అకౌంట్లో పడేది 25,479. వేరియబుల్ పే, మెడికల్ ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటివి ఉంటే ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు కట్టాల్సినవి: హాస్టల్ 7,500, ఇంటికి 5,000, ఫోన్ ఈఎంఐ 1,700, రీఛార్జ్ 300, బస్సు ఆటోలకి 1,500. మొత్తం 16,000. మిగిలింది 9,479. ముప్ఫై రోజుల నెల అయితే రోజుకి 315.

అదే 30 వేలు అనుకుని లెక్క వేసుకుంటే? 14 వేలు మిగులుతుంది, రోజుకి 466. అంటే మనిషి తన బుర్రలో రోజుకి 150 రూపాయలు ఎక్కువ ఉందనుకుని తిరుగుతున్నాడు, అది బిర్యానీ ఒకటి, క్యాబ్ ఒకటి అని ఎక్కడెక్కడో ఖర్చవుతుంది, నెలాఖర్లో ఎందుకు టైట్ అయిందో అర్థం కాదు. మన యాప్ ఇచ్చే విలువ ఈ 315లో ఉంది. "పొదుపు చేయండి" అనే సలహాలో లేదు.

నోట్‌లో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను: ఈ రోజువారీ నంబర్ హెడ్‌లైన్‌లోకి రావాలి.

బుధవారం

మొదటి విడత లైన్లు. షీట్‌లో చాలానే రాశాను, ఇక్కడ చర్చ జరిగినవి మాత్రం పెడుతున్నా.

"మీ డబ్బు, మీ చేతుల్లో." డిజైనర్‌కి నచ్చింది ఎందుకంటే చిన్నది, అందంగా కూర్చుంటుంది. నేను ఒప్పుకోలేదు. బ్యాంకు పెట్టుకోవచ్చు, ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టుకోవచ్చు, చిట్‌ఫండ్ వాళ్ళు పెట్టుకోవచ్చు. నేను లైన్ చూసే పద్ధతి ఇదే, లోగో తీసేసి వేరేవాళ్ళ లోగో పెట్టి చూస్తాను, అప్పుడు కూడా సరిపోతే ఆ లైన్ మనది కాదు.

"మొదటి జీతం నుంచే పొదుపు మొదలు." ఇది నాన్న చెప్పే మాట. ఇరవై రెండేళ్ళ వాళ్ళకి ఆ మాట ఇంట్లో ఎలాగూ వినపడుతుంది, ఫోన్లో కూడా వినపడితే వెనక్కి వెళ్ళిపోతారు. ఇంకో ఇబ్బంది, మూడో జీతం తీసుకున్నవాళ్ళు "మొదటి జీతం" అని చూసి ఇది మనకి కాదులే అనుకుంటారు. కొత్త ఉద్యోగి అంటే ఏడాది దాకా కొత్తే, ఆ మాట వాళ్ళందరినీ పట్టుకోవాలి.

"20వ తారీఖుకే జీతం అయిపోతోందా?" టీమ్ మొత్తానికి ఇదే నచ్చింది. చదవగానే తగులుతుంది, మాట్లాడే భాషలో ఉంది, తారీఖు ఉంది కాబట్టి కళ్ళకి కట్టినట్టు ఉంది. నాక్కూడా ఇదే బలంగా అనిపించింది. రేపు దీన్నే ముందు పెట్టి చూపిద్దాం అనుకున్నాం.

గురువారం

ఇవాళ చూపించాం. పద్ధతి సింపుల్, పేజీ పైభాగం స్క్రీన్‌షాట్ ఫోన్లో ఐదు సెకన్లు చూపించి ఫోన్ తిప్పేసి మూడు ప్రశ్నలు అడగడం. ఇదేంటి? ఎవరికోసం? బటన్ నొక్కితే ఏమవుతుంది? బాగుందా అని మాత్రం అడగకూడదు, అడిగితే మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు.

"20వ తారీఖుకే జీతం అయిపోతోందా?" చూపించగానే ఒక అమ్మాయి, చేరి రెండు నెలలైంది, వెంటనే అడిగింది: "అక్కా, ఇది లోన్ యాపా?"

ఒక్కళ్ళు అంటే పట్టించుకోకపోయేదాన్నేమో. కానీ తర్వాత చూసినవాళ్ళలో కూడా అదే మాట వస్తూనే ఉంది. "శాలరీ అడ్వాన్స్ ఇస్తారు కదా, అది", "నొక్కితే పాన్ కార్డు అడుగుతుంది", "మా ఫ్రెండ్ ఒకడు ఇలాంటిదే తీసుకుని ఇరుక్కున్నాడు". ఒక కుర్రాడైతే ఫోన్ నా చేతికి తిరిగిచ్చేసి "వద్దక్కా ఇవి" అన్నాడు. కింద సబ్‌హెడ్డింగ్‌లో ఖర్చుల లెక్క గురించే ఉంది, అయినా అక్కడిదాకా కళ్ళు వెళ్ళలేదు.

ఆలోచిస్తే దీనికి కారణం మన దగ్గరే ఉంది. 2020 చివర్లో హైదరాబాద్‌లో ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల వేధింపుల కేసులు వరసగా బయటికొచ్చాయి, కాంటాక్ట్ లిస్టులో ఉన్నవాళ్ళందరికీ ఫోన్లు చేసి పరువు తీయడం, ఆత్మహత్యలు, పోలీసుల అరెస్టులు. ఆ తర్వాత 2021 జనవరిలో ఆర్‌బీఐ డిజిటల్ లెండింగ్ మీద వర్కింగ్ గ్రూప్ వేసింది, 2022 సెప్టెంబర్‌లో గైడ్‌లైన్స్ వచ్చాయి, యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫోటోల జోలికి వెళ్ళకూడదని అందులో ఉంది. ఇవాళ ఫస్ట్ జాబ్‌లో ఉన్నవాళ్ళు అప్పటికి ఇంటర్‌లోనో డిగ్రీలోనో ఉన్నారు, ఆ వార్తలు వింటూ పెరిగారు. కాబట్టి "జీతం అయిపోయింది" అని పలకరించే ఏ డబ్బు యాప్ అయినా వాళ్ళకి అప్పు ఇచ్చేదే. ఆ యాప్‌ల యాడ్‌లు కూడా సరిగ్గా అదే మాటతో మొదలవుతాయి, డబ్బు అయిపోయిందా, అర్జెంటా, ఐదు నిమిషాల్లో అకౌంట్లోకి.

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే పనికొచ్చిన సంగతి ఇదే. రీడర్ కష్టాన్ని ముందు గుర్తుచేసి తర్వాత పరిష్కారం చూపించు అని కాపీరైటింగ్‌లో అందరూ నేర్పిస్తారు, చాలా చోట్ల పనిచేస్తుంది కూడా. కానీ మన దగ్గర, డబ్బు విషయంలో, ఈ వయసువాళ్ళకి, కొరత గురించి మాట్లాడిన హెడ్‌లైన్ అప్పు వాసన కొడుతుంది. నచ్చిన లైన్ అయినా తీసేశాం.

ఒకళ్ళు అడిగారు, సబ్‌హెడ్డింగ్‌లో "ఇది లోన్ యాప్ కాదు" అని పెడితే సరిపోదా అని. అదీ చూపించాం. ఐదు సెకన్ల తర్వాత గుర్తున్న మాట చెప్పమంటే "లోన్" అన్నారు, "కాదు" ఎగిరిపోయింది. కాబట్టి ఆ వాక్యం పేజీ కింద ప్రశ్నలు-జవాబుల్లోకి పంపించాం, అక్కడిదాకా వచ్చి అనుమానంగా వెతికేవాళ్ళకి అది పనికొస్తుంది.

శుక్రవారం

కొరత వద్దు, మరి ఏం చెప్పాలి? మంగళవారం నోట్ తీశాను. రోజుకి 315. అది ఉన్న డబ్బు గురించి మాట్లాడే నంబర్. ఎంత అయిపోయింది అని కాకుండా ఎంత వాడుకోవచ్చు అని చెప్తోంది. యాప్ తెరవగానే కనిపించేది కూడా అదే, అంటే హెడ్‌లైన్‌లో ఏం చెప్తామో ఇన్‌స్టాల్ చేశాక ఫస్ట్ స్క్రీన్‌లో అదే దొరుకుతుంది.

"ఇవాళ ఎంత ఖర్చు పెట్టొచ్చు?" అని మొదలుపెట్టాను. బాగుంది గానీ ఏ లెక్కన అనేది తెలియట్లేదు, సరదాగా షాపింగ్ యాప్ ఆఫర్‌లా కూడా ఉంది.

"ఈ నెల రోజుకి ఎంత ఖర్చు పెట్టొచ్చు?" ఇందులో నెల అనే మాట దగ్గర ఆగాను. జీతగాళ్ళ నెల ఒకటో తారీఖున మొదలవదు. కొందరికి నెల ఆఖరి వర్కింగ్ డే, కొందరికి 5, కొందరికి 7. కొత్తగా చేరినవాళ్ళకి అయితే ఇంకా గజిబిజి, 18న చేరితే ఆ పదమూడు పద్నాలుగు రోజులకే జీతం వస్తుంది, పేరోల్ కట్-ఆఫ్ దాటాక చేరితే ఆ కొద్దిరోజుల డబ్బు కూడా వచ్చే నెల జీతంతో కలిపి ఇస్తారు, అంటే చేరాక నలభై రోజుల దాకా చేతికి రూపాయి రాకపోవచ్చు. యాప్ అందుకే నెల లెక్క కాకుండా జీతం నుంచి జీతం దాకా లెక్క చూస్తుంది. మరి హెడ్‌లైన్ కూడా అదే చెప్పాలి కదా.

"మళ్ళీ జీతం పడేదాకా రోజుకి ఎంత ఖర్చు పెట్టొచ్చు?"

రాసుకుని పైకి చదివాను, ఎక్కడా తడబడలేదు. జీతం "పడటం" వాళ్ళ మాటే, నోట్‌లో ఉన్నదే. లోగో మార్చి చూశాను, బ్యాంకుకి సరిపోదు, లోన్ యాప్‌కి అసలు సరిపోదు, ఖర్చు పెట్టే లెక్క చెప్పేవాడికి మాత్రమే సరిపోతుంది.

ఇంకో లాభం కూడా ఉంది. మీరు అనాలా నువ్వు అనాలా అని వారం నుంచి టీమ్‌లో వాదన నడుస్తోంది. మీరు అంటే బ్యాంకు మేనేజర్ మాట్లాడినట్టుంది, నువ్వు అంటే కొందరికి చనువుగా, కొందరికి, ముఖ్యంగా చిన్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి, తెలియనివాడు ఏకవచనంలో పిలిచినట్టు ఉంటుంది. "పెట్టొచ్చు" అంటే ఆ గొడవే లేదు, ఎవరికైనా సరిపోతుంది. మనిషి తనకి తాను వేసుకునే ప్రశ్నలా కూడా వినిపిస్తుంది.

శనివారం

సబ్‌హెడ్డింగ్. హెడ్‌లైన్ ప్రశ్న అడిగింది కాబట్టి దీని పని జవాబు ఎలా వస్తుందో చెప్పడం, ఎవరికోసమో చెప్పడం, భయం ఒకటి తీయడం. మూడూ రెండు మూడు చిన్న వాక్యాల్లో సరిపోవాలి.

మొదటి డ్రాఫ్ట్: "జీతం, ఖర్చులు ఎంటర్ చేయండి, మిగిలింది మేం లెక్క కడతాం." దీంతో బీటాకి వెళ్ళినవాళ్ళు జీతం దగ్గర ఏం కొట్టారో చూస్తే చాలామందివి గుండ్రటి నంబర్లు, 25,000, 30,000. అంటే సీటీసీని 12తో భాగించి కొట్టారు. అప్పుడు యాప్ చూపించే నంబర్ మొదటిరోజు నుంచే తప్పు, 315 రావాల్సినచోట 466 వస్తుంది, నెలాఖరుకి యాప్ పనిచేయలేదు అని తీసేస్తారు. కాబట్టి "చేతికొచ్చే జీతం" అని సబ్‌హెడ్డింగ్‌లోనే ఉండాలి. ఇన్‌పుట్ బాక్స్ దగ్గర కూడా బ్యాంకు మెసేజ్‌లో క్రెడిట్ అయిన మొత్తం చూసి కొట్టమని చిన్న లైన్ పెట్టించాను. ఇన్-హ్యాండ్ అని రాయాలా అని అడిగారు, చాలామంది అదే అంటారు నిజమే, కానీ ఫ్యాక్టరీల్లో, షోరూముల్లో చేరినవాళ్ళు చేతికి ఎంత అనే అంటారు, ఆఫీసువాళ్ళకి కూడా అది తెలిసిన మాటే.

"ఖర్చులు" కూడా మార్చాను. ఖర్చులు ఎంటర్ చేయాలి అంటే ప్రతి టీ కప్పు రాసుకోవాలేమో అని మొహం మాడ్చుకుంటున్నారు. మొదట అడిగేది రెంట్, ఇంటికి పంపేది లాంటి తప్పనిసరివి మాత్రమే కాబట్టి "కట్టాల్సినవి" అని రాశాను.

భయం సంగతి. బ్యాంకు అకౌంట్ లింక్ చేయమంటుందా, మెసేజ్‌లు చదువుతుందా, ఈ రెండే అడుగుతున్నారు. మా యాప్ ఈ రెండూ చేయదు, అన్నీ చేత్తో కొట్టుకోవాల్సిందే, అది కొంచెం కష్టమే గానీ ఇక్కడ అదే మన బలం. డెవలపర్‌తో ఇంకోసారి కూర్చుని ఎస్సెమ్మెస్ పర్మిషన్ మానిఫెస్ట్‌లో లేదని కన్ఫర్మ్ చేసుకున్నాకే రాశాను, ముందుముందు ఆటోమేటిక్‌గా చదివే ఫీచర్ పెడితే అదేరోజు ఈ లైన్ తీసేయాలని టాస్క్ బోర్డులో కార్డు పెట్టాం.

"నెలకి 5 వేలు మిగుల్చుకోండి" అనే లైన్ కావాలని మార్కెటింగ్ వైపు నుంచి అడిగారు. వద్దన్నాను. మన చేతిలో ఆ మాటని నిలబెట్టే డేటా లేదు, పైగా 9,479లోంచి తిండి, బట్టలు, మందులు అన్నీ చూసుకోవాల్సిన మనిషికి 5 వేలు మిగుల్చుకో అంటే ఆ లెక్క కుదరదని తనకే తెలుసు.

చివరికి ఇలా ఆగింది:

మళ్ళీ జీతం పడేదాకా రోజుకి ఎంత ఖర్చు పెట్టొచ్చు?

చేతికొచ్చే జీతం, కట్టాల్సినవి ఎంటర్ చేస్తే చాలు, మిగిలింది రోజుల లెక్కన చూపిస్తుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళ కోసం. బ్యాంక్ లాగిన్ అడగదు, మెసేజ్‌లు చదవదు.

మళ్ళీ సోమవారం

ఈ రెండింటితో ఇంకొంతమందికి ఐదు సెకన్ల టెస్ట్. "ఖర్చుల లెక్క", "రోజుకి ఎంత వాడాలో చెప్తుంది", "జాబ్‌లో కొత్తగా చేరినోళ్ళకి". లోన్ అనే మాట వినపడలేదు. ఒకతను మంచి ప్రశ్న అడిగాడు, ఒకరోజు ఎక్కువ ఖర్చయితే ఏంటి అని. అదే 315 కేసులో చెప్పాను, మొదటి 11 రోజుల్లో 4,800 ఖర్చయిందనుకో తమ్ముడూ, ఇంకా 4,679 ఉంది, 19 రోజులున్నాయి, 12న పొద్దున్న చూస్తే 246 చూపిస్తుంది అని. "ఓ, తగ్గిస్తుందా" అన్నాడు. ఇది సబ్‌హెడ్డింగ్‌లో పట్టదు, కాబట్టి పక్కన పెట్టే ఫోన్ స్క్రీన్ బొమ్మలో 315 కాకుండా 12వ తారీఖు, 246 ఉన్న స్క్రీన్ పెట్టమన్నాను.

మంగళవారం

ఫోన్లో పెట్టి చూస్తే కొత్త తలనొప్పి. టెంప్లేట్ ఇంగ్లీష్ కోసం చేసింది, హెడ్‌లైన్‌కి లైన్-హైట్ 1.1, అక్షరాల మధ్య ఖాళీ మైనస్‌లో ఉంది. "ఖర్చు", "పెట్టొచ్చు", "మళ్ళీ" అన్నిట్లో కింద ఒత్తులున్నాయి, పై లైను ఒత్తు వచ్చి కింది లైను అక్షరాల పైన ఉన్న గుర్తులకి తగులుతోంది. 360 పిక్సెళ్ళ వెడల్పు ఫోన్లో చివరి లైన్‌లో "పెట్టొచ్చు?" ఒక్కటే ఒంటరిగా పడుతోంది. ఇలా మార్చాం:

```css
h1:lang(te) {
  font-family: "Noto Sans Telugu", sans-serif;
  font-size: 1.75rem;
  line-height: 1.45;
  letter-spacing: normal;
  text-wrap: balance;
}
```

`lang="te"` పేజీలో ఉంటేనే ఈ రూల్ పట్టుకుంటుంది, అది ఉందో లేదో చూడాలి. `text-wrap: balance` పాత బ్రౌజర్లలో పనిచేయదు గానీ ఏమీ చెడగొట్టదు కూడా. "ఖర్చు పెట్టొచ్చు" విడిపోకుండా మధ్యలో మామూలు స్పేస్ బదులు ` ` పెట్టాం. ఇప్పుడు మూడు లైన్లలో సర్దుకుంది, బటన్ కూడా స్క్రోల్ చేయకుండా కనిపిస్తోంది.

గురువారం

ఏ/బీ టెస్ట్ పెట్టి పాత "20వ తారీఖు" లైన్‌తో పోటీ పెడదాం అని ఒక మాట వచ్చింది. లెక్క వేసి చూపించాను. నూటికి 5 మంది నొక్కేది 6 అయింది, అది గాలివాటం కాదు అని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో వెర్షన్‌కి దాదాపు 8 వేల మంది రావాలి. మనకి ఇప్పుడు వచ్చే ట్రాఫిక్‌కి అది నెలల పని, మధ్యలో రెండ్రోజులు ఒకటి ముందుంటే అదే గెలిచిందని అనుకునే ప్రమాదం ఉంది. పైగా క్లిక్కులు ఎక్కువొచ్చినా అవి అప్పు కోసం వెతుక్కునేవాళ్ళవి అయితే మనకి ఏం లాభం, లోపలికొచ్చి లోన్ లేదని తెలిసి వెళ్ళిపోతారు. కాబట్టి చూడాల్సింది బటన్ నొక్కినవాళ్ళ లెక్క కాదు, రెండో జీతం తారీఖు దాటాక కూడా యాప్ తెరుస్తున్నవాళ్ళ లెక్క. అది డెవలపర్ ట్రాక్ చేయడం మొదలుపెట్టాడు.

ఇంకా తేలనిది ఒకటుంది. శ్రీసిటీలో షిఫ్టుల్లో పనిచేసే మా బంధువుల అబ్బాయికి లింక్ పంపాను. అతనికి గ్రాస్ 21 వేల లోపే, పీఎఫ్‌తో పాటు ఈఎస్ఐ 0.75 శాతం కూడా పోతుంది, పైన ఓటీ ఏ నెలకానెల మారిపోతుంది. "అక్కా, చేతికెంతొస్తుందో పడేదాకా నాకే తెలీదు, ఏం కొట్టాలి?" అని మెసేజ్ పెట్టాడు. ఓటీ లేకుండా వచ్చే కనీసం కొట్టమని, ఓటీ పడ్డాక మార్చుకోమని చెప్పాను. సబ్‌హెడ్డింగ్‌లో దీనికి చోటు లేదు, ఇలాంటివాళ్ళ కోసం జీతం బాక్స్ కింద "నెలనెలా మారుతుందా? తక్కువ వచ్చిన నెలది కొట్టండి" అని పెట్టి వచ్చే వారం అతనితోపాటు అతని రూమ్మేట్లకి కూడా చూపిస్తాను.